నానమ్మ ఉన్న పేరా

మా మేనకోడలు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పోయిన ఆదివారం నాలుగు కాగితాలు తెచ్చి నా ముందు పడేసింది. పైన ఎర్రసిరాతో వాళ్ల మేడమ్ రాసిన మాటలు: ‘థీసిస్ వీక్. పేరాలు ఎటో పోతున్నాయి. తిరగరాయి.’

‘‘తారీఖులన్నీ సరిచూసుకునే రాశా మావయ్యా. తప్పు ఎక్కడుందో చెప్పకుండా ఇలా రాసేస్తే ఎలా?’’ అంది ఉక్రోషంగా.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మీద వ్యాసం అది. మొదటి పేరా చివర ఇలా ఉంది: ‘ఈ ఉద్యమం మన చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం.’

‘‘ఈ మాట కాదనేవాళ్లెవరైనా ఉన్నారా?’’ అనడిగాను.

‘‘ఎందుకుంటారు? నిజమేగా!’’

చిక్కంతా అక్కడే ఉంది. ఎవరూ కాదననిదాన్ని నిరూపించడానికి నాలుగు పేజీలు దేనికి? పైగా అందులో ఈ ఉద్యమం పేరు తీసేసి ఉప్పు సత్యాగ్రహం అని పెట్టినా వాక్యం చెక్కుచెదరదు. ఏ అంశానికైనా అతికే వాక్యం ఈ అంశం గురించి ఏమీ చెప్పనట్టే. అది ఏమీ చెప్పదు కాబట్టి దాని వెనక వచ్చే పేరాలకు ఎటు నడవాలో తెలియదు. మేడమ్ పట్టుకున్న రెండు తప్పులూ నిజానికి ఒకటే.

పెన్సిలిచ్చి, ఒక్కో పేరా పక్కన అది చెబుతున్నదేమిటో ఒక్క వాక్యంలో రాయమన్నాను. మొదటిది పరిచయం. రెండోది, దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించడం. మూడోది, వాళ్లు రాత్రిపూట అక్షరాలు నేర్చుకోవడానికి చేరిన సంగతి. నాలుగోది, మద్యం మీద గాంధీజీ అభిప్రాయాలు. అయిదోది, తాగుడు కాలేయాన్ని ఎలా పాడుచేస్తుందో. ఆరోది, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు.

పక్కన రాసినవి మాత్రమే పైనుంచి కిందికి చదివించాను. మూడో పేరా దాటగానే తనే ఆగిపోయింది. నాలుగోది ‘అంతేకాకుండా’తో మొదలైంది. పేరా మొదట్లో ఈ మాట కనిపిస్తే నాకు అనుమానమే. ముందు పేరాతో బంధం దొరకనప్పుడు మనం వేసే అతుకు అది. ఆఫీసులో నేనూ వేస్తుంటాను.

అసలు వాదన లేకపోలేదు. మూడో పేరా చివర దాక్కుంది: ‘చదువు కోసం ఒకచోట చేరకపోతే వీళ్లంతా ఎవరింట్లో వాళ్లు ఏడ్చుకుంటూ ఉండిపోయేవాళ్లు.’ రాస్తూ రాస్తూ ఉంటేగానీ మనకేం తోచిందో మనకే తెలియదు. అందుకే చాలా వ్యాసాల్లో అసలు మాట మధ్యలోనో చివర్లోనో దొరుకుతుంది. ఈ వాక్యాన్ని కాదనొచ్చు. ‘చదువు కాదు, కడుపుమంటే వాళ్లను కదిలించింది’ అని ఎవరైనా వాదించొచ్చు. అందుకే దీన్ని నిరూపించాలి. దాన్నే తెచ్చి మొదటి పేరా చివర పెట్టాం.

ఇక ఒక్కో పేరానూ దాని పక్కన పెట్టి చూడటమే. గాంధీజీ పేరా పోయింది. ఆరో పేరా దగ్గర పేచీ పెట్టింది. ‘‘ఇది తీసేస్తే నాకు తెలియదనుకుంటారు మేడమ్!’’ ఉద్యమం ఎందుకు మొదలైందన్నది వ్యాసమైతే, తర్వాత ఏమైందన్నది ఒక్క వాక్యం చాలు. ఒప్పుకుంది.

కాలేయం పేరా మీద అడ్డంగా గీత గీశాను. తనేం మాట్లాడలేదు. కాసేపటికి, ‘‘అది తాతయ్య గురించి రాశాను’’ అంది.

మా బావగారి నాన్న తాగుడుతోనే పోయారు. పేరాలో ఆయన ఊసే లేదు, అంతా జీవశాస్త్ర పాఠం. నాకు గీత తుడిచేద్దామనిపించింది. కానీ జాలితో ఉంచితే వ్యాసం మళ్లీ దారి తప్పుతుంది.

‘‘మరి అప్పుడు మీ నానమ్మ ఏం చేసేది?’’ అన్నాను.

‘‘ఏం చేస్తుంది? తలుపేసుకుని ఏడ్చేదట. పక్కింటావిడకూ అదే బాధ. పదేళ్లూ ఒకరికొకరు చెప్పుకోలేదట.’’

చెప్పి, తనే పెన్సిల్ అందుకుంది. కాలేయం పోయింది, నానమ్మ వచ్చింది. అదీ దూబగుంట మాటకు ముందు, రెండో పేరాలోకి. బాధ ఉన్నంత మాత్రాన జనం కదలరని చూపడానికి అది ఉదాహరణ. ‘‘ఒక్క ఇంటి కథ రుజువు కాదు, అలా రాయకు’’ అని మాత్రం చెప్పాను.

కాగితాలు సర్దుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

‘‘మావయ్యా, మిగతా జిల్లాల్లోనూ అక్షరాస్యతా కేంద్రాలు నడిచాయిగా. మరి అక్కడ ముందు ఎందుకు మొదలవలేదు?’’

నాకు చప్పున జవాబు తోచలేదు. మర్నాడు లైబ్రరీకి వెళ్తున్నానని సాయంత్రం అక్కయ్య ఫోన్‌లో చెప్పింది.