దూదికెంత? గింజకెంత?

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల నుండి వచ్చిన మా కామర్సు విద్యార్థులలో పలువురి ఇండ్లలో పత్తియో, మిరపయో పండుతుంది. పత్తి అమ్మడానికి వెళ్ళిన మా పెద్దలు ఒక మాట విని వచ్చేవారు: “గింజల మీద మాకు నష్టం వస్తున్నది. ఇంతకు మించి ధర ఇవ్వలేము.” ఆ నష్టం నిజమా, లేక లెక్క వ్రాసిన తీరులో పుట్టినదా అన్న ప్రశ్న మమ్ములను వ్యయగణన శాస్త్రంలోని ఉమ్మడి వ్యయాల అధ్యాయం వద్దకు నడిపించినది.

పత్తి జిన్నింగు మిల్లులో రోలర్ల మధ్యకు పోయేంతవరకు దూది, గింజ ఒకే వస్తువు. అవి వేరుపడే ఆ చోటునే విభజన బిందువు అంటారు. అంతకు ముందు పెట్టిన ఖర్చు, అనగా పత్తి కొనుగోలు, జిన్నింగు కూలి, కరెంటు, రెండింటికీ ఉమ్మడిది. దానిని ఏ న్యాయంతో పంచవలెను?

లెక్క సులువుగా సాగడానికి కొన్ని అంకెలను మేమే ఊహించుకొన్నాము. నూరు క్వింటాళ్ళ పత్తిని క్వింటాలు 7,000 రూపాయలకు కొని, జిన్నింగుకు 15,500 ఖర్చు చేసితిమనుకొందము. ఉమ్మడి వ్యయం 7,15,500. దూది 34 క్వింటాళ్ళు, అంటే 170 కిలోల బేళ్ళు ఇరువది. గింజలు 64 క్వింటాళ్ళు. మిగిలిన రెండు క్వింటాళ్ళు దుమ్ము, తేమ. ఇది మామూలు తరుగు గనుక దాని భారం మంచి సరుకే మోయవలెను.

మొదటిది భౌతిక పరిమాణ పద్ధతి. మొత్తం ఖర్చును 98 క్వింటాళ్ళతో భాగిస్తే క్వింటాలుకు సుమారు 7,301 రూపాయలు. గింజల వాటాకు 4,67,265, దూది వాటాకు 2,48,235 పడతాయి. బరువు ఎక్కువ గనుక గింజే పెద్ద భారం మోసినది.

రెండవది నికర వసూలు విలువ పద్ధతి. అమ్మకపు ధర నుండి, విభజన తరువాత ఆ సరుకుకే ప్రత్యేకంగా అయ్యే ఖర్చును తీసివేయవలెను. దూది క్వింటాలు 18,000 చొప్పున 6,12,000 వస్తుంది. బేళ్ళు కట్టే ఖర్చు 17,000 పోగా 5,95,000. గింజలు 3,200 చొప్పున 2,04,800. శుభ్రపరచి బస్తాలకెత్తడానికి 4,800 పోగా 2,00,000. రెండూ కలిపి 7,95,000. ఉమ్మడి వ్యయం ఇందులో సరిగా 90 శాతం. కనుక దూదికి 5,35,500, గింజకు 1,80,000 చెందుతాయి.

ఇప్పుడు ఫలితం చూడుడు. రెండవ పద్ధతిలో దూది మీద 59,500, గింజ మీద 20,000 లాభం. మొదటి పద్ధతిలో దూది మీద 3,46,765 లాభం, గింజ మీద 2,67,265 నష్టం! మొత్తం లాభం మాత్రం రెండింట 79,500 రూపాయలే. మిల్లు పెట్టెలోనికి ఒక్క రూపాయి ఎక్కువ రాలేదు, తక్కువ కాలేదు. మా పెద్దలు విన్న నష్టం ఇటువంటిదే అయితే, అది కాగితం మీది నష్టం. గింజ లేకుండ దూది రాదు గనుక, విడిగా గింజ మీద నష్టమని పత్తి ధర తగ్గించుట తగదు. ధర నిర్ణయమునకు చూడవలసినది మొత్తం రాబడి, మొత్తం ఖర్చు.

అయితే పంపకం వ్యర్థమా? కాదు. సంవత్సరాంతమున గోదాములో సగం గింజలు, 32 క్వింటాళ్ళు, మిగిలినవనుకొందము. బరువు లెక్కన వాటి వ్యయం 2,33,633. వాటికి వచ్చేది లక్ష రూపాయలే. వ్యయం, నికర వసూలు విలువలలో తక్కువదానినే నిల్వకు వ్రాయవలెనని లెక్కల ప్రమాణాలు చెప్తున్నాయి గనుక 1,33,633 కొట్టివేయవలసి వస్తుంది. రెండవ పద్ధతిలో అదే నిల్వ 90,000, కొట్టివేతే ఉండదు. నిల్వ వ్యయం అమ్మకపు ధరను మించి కనబడినప్పుడు, బజారు పడిపోయినదా, పంపకమే తప్పినదా అని ముందుగా విచారించవలెను.

రెండవ పద్ధతికీ హద్దు ఉన్నది. గింజలను అమ్మక నూనె ఆడించి, నూనె, పత్తి చెక్క కలిపి 2,40,000 రాబట్టి, అందుకు 30,000 ఖర్చు చేస్తే నికరం 2,10,000. గింజలుగా అమ్మినదానికంటె పదివేలు అదనం గనుక ఆడించుట మేలు. ఈ తీర్పుకు ఉమ్మడి వ్యయంతో పనిలేదు. కాని పంపకం మళ్ళీ చేస్తే, దూదిలో ఏ మార్పూ లేకున్నా, దాని వాటా సుమారు 6,650 రూపాయలు తగ్గి గింజల మీద పడుతుంది.

బరువు పద్ధతి ఎక్కడ తగును? కిలో విలువలు ఇంచుమించు సమానమైన సరుకుల విషయంలో. మిరప కల్లంలో ఎర్రని కాయను, వెలిసిన తాలు కాయను ఒకే తూకంతో లెక్కించితే, గింజకు పట్టిన గతే తాలుకూ పడుతుంది. కనుక ఎవరైనా “ఈ సరుకు మీద నష్టం” అన్నప్పుడు మనం అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఉమ్మడి ఖర్చును దేనితో కొలిచి పంచినారు?