తఆరుఫ్‌లో "మేము"

మొన్న ఈద్‌కి మా ఆపా కొడుకు హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్కి రాజమండ్రి వచ్చాడు. షీర్ ఖుర్మా చేతిలో ఉన్నా మొహంలో రౌనక్ లేదు. నాలుగేళ్లుగా ఒక సర్వీస్ కంపెనీలో జావా డెవలపర్. ప్రొడక్ట్ కంపెనీకి మారదామని రెండు ఇంటర్వ్యూలకు వెళ్తే రెండూ పోయాయి.

"కోడింగ్ బాగానే చేశాను మామూ. 'మీ గురించి చెప్పండి' అన్న మొదటి సవాల్ దగ్గరే వాళ్లకి దిల్‌చస్పీ పోతోంది."

"ఏం చెప్పావో నాకూ చెప్పు బేటా" అన్నాను.

పుట్టిన ఊరు, కాలేజీ, పర్సెంటేజీ, వచ్చిన టెక్నాలజీల ఫెహ్‌రిస్త్. చివర్లో, "మేము ఒక ఇన్సూరెన్స్ క్లయింట్‌కి క్లెయిమ్స్ అప్లికేషన్ చూస్తాం." మూడు నిమిషాలు పట్టింది. ఖబర్లు రాసేవాణ్ని కదా, అసలు ఖబర్ ఆఖరి పేరాలో ఉందని తెలిసిపోయింది.

"ఆ 'మేము'లో నువ్వెక్కడ?" అడిగాను.

తల దించుకున్నాడు. తప్పు వాడిది కాదు. "మై, మై" అనడం గురూర్ అని ఇంట్లో నేర్పాం. సర్వీస్ కంపెనీలోనూ పని టీమ్ పేరు మీదే పోతుంది. ఏం కట్టాలో క్లయింట్ చెబుతాడు. ప్రొడక్ట్ కంపెనీలో అలా చెప్పే క్లయింట్ ఉండడు. వాడేవాళ్ల తక్లీఫ్ ఏంటో ఇంజినీరు కూడా వెతకాలి. అందుకే ఈ మనిషి సొంతంగా ఏం కనిపెట్టాడు, ఏం ఫైసలా చేశాడు అని చూస్తారు.

గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. రాత్రి నడిచే ఒక బ్యాచ్ పని ఆరు గంటలు తీసుకునేది. పొద్దున ఆఫీసు తెరిచేసరికి క్లెయిములు సిద్ధంగా ఉండేవి కావు. ప్రతి క్లెయిముకీ డేటాబేస్‌ని విడివిడిగా అడుగుతోందని లాగులు చూసి కనిపెట్టింది వీడే. ఐదు వందలేసి కలిపి అడిగేలా మార్చాడు. నలభై నిమిషాలకు దిగింది.

ఆ రాత్రి కూర్చుని జవాబు ఇలా పేర్చాం:

"నేను జావా బ్యాకెండ్ డెవలపర్ని. నాలుగేళ్లుగా ఒక ఇన్సూరెన్స్ సంస్థ క్లెయిమ్స్ సిస్టమ్ మీద పని చేస్తున్నాను. అక్కడ ఆరు గంటల బ్యాచ్ ఎందుకు ఆలస్యమవుతోందో కనిపెట్టి, నలభై నిమిషాలకు తెచ్చాను. డిజైన్ మా లీడ్ పరిశీలించారు. కారణం వెతకడం, కోడ్ మార్చడం నావి. ఆ మార్పు తర్వాత వాడేవాళ్లు ఏమన్నారో నా దాకా రాలేదు. అది దగ్గరగా చూసే చోట పని చేయాలని వచ్చాను."

నిమిషం కూడా పట్టదు. క్లయింట్ పేరు లేదు, అది అమానత్. పాత కంపెనీ మీద షికాయత్ లేదు. లీడ్ వాటా దాచలేదు. దాస్తే రెండో సవాల్‌కే దొరికిపోతాడు. ఆ ఆరు గంటలు, నలభై నిమిషాలు ఎక్కడ చూసి కొలిచాడో కూడా గుర్తు చేసుకోమన్నాను.

పోయిన వారం ఫోన్ చేశాడు. "ఇంతకుముందు 'సరే, మరి మీరేం చేశారు?' అనేవాళ్లు మామూ. ఈసారి 'ఐదు వందలే ఎందుకు, వెయ్యి ఎందుకు కాదు?' అన్నారు."

నౌకరీ సంగతి ఇంకా తేలలేదు. కానీ ఆ సవాల్ వచ్చిందంటే తఆరుఫ్ అయినట్టే.