రూపాయి ఏడాదిలో మూడు రూపాయలు ఎందుకు కాదు?

మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్ల లెక్కల పుస్తకంలో లిమిట్స్ పాఠం ఒకసారి తెరవండి. n పెరుగుతూ పోతే (1 + 1/n)ⁿ విలువ 2కీ 3కీ మధ్య ఉండే ఒక సంఖ్యను చేరుతుందని, దాన్ని e అంటారని ఉంటుంది. ఎందుకు చేరుతుందో మాత్రం చాలా పుస్తకాలు చెప్పవు. 'ఇట్ కెన్ బి షోన్ దట్' అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోతాయి.

మా అమ్మాయి అక్కడే ఆగింది. "n బాగా పెద్దదైతే 1/n సున్నా అయినట్టే కదా నాన్నా. ఒకటిని ఎన్నిసార్లు హెచ్చించినా ఒకటే. మరి 2.718 ఎలా వస్తుంది?" అంది. అంతటితో ఊరుకోకుండా ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి ఇలా కొట్టింది:

```
=(1+1/10^16)^(10^16)
```

జవాబు 1 వచ్చింది. "చూశావా!" అంది. బ్యాంకు ఉద్యోగిని, వడ్డీ లెక్కలతోనే నా బతుకు. అయినా ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఇది వడ్డీ లెక్కే. 17వ శతాబ్దంలో జాకబ్ బెర్నూలీ ఆలోచించింది కూడా ఇదే. ఒక రూపాయిని ఏడాదికి నూటికి నూరు వడ్డీకి వేశారనుకోండి. ఏడాది చివర ఒకేసారి వడ్డీ కడితే 2 రూపాయలు. ఆరు నెలలకోసారి కడితే 2.25. మూడు నెలలకోసారైతే 2.44, నెలనెలా అయితే 2.61. గంటకోసారి, నిమిషానికోసారి కడుతూ పోతే ఇది ఎక్కడిదాకా పెరుగుతుంది?

మర్నాడు కాగితం మీద మూడు నెలల లెక్కను విడదీశాం. వడ్డీ నాలుగుసార్లు, ప్రతిసారీ పావు వంతు. అసలు 1 రూపాయి. అసలు మీద వడ్డీ నాలుగు పావులు, అంటే ఇంకో రూపాయి. ఈ రెండూ ఎన్ని వాయిదాలైనా మారవు. మారేది వడ్డీ మీద వడ్డీ. ఒక వాయిదాలో వచ్చిన వడ్డీ, తర్వాతి ఏదో ఒక వాయిదాలో వడ్డీ సంపాదించాలి. నాలుగు వాయిదాల నుంచి ఇలా రెండేసి ఎంచితే ఆరు జతలు. ఒక్కో జతకు పావులో పావు, అంటే 1/16. మొత్తం 6/16, దశాంశాల్లో 0.375.

నెలనెలా అయితే 66 జతలు, ఒక్కోదానికి 1/144. మొత్తం 0.458. n వాయిదాలైతే n(n−1)/2 జతలు, ఒక్కోదానికి 1/n². రెండింటినీ హెచ్చిస్తే అర్ధ రూపాయిని (1 − 1/n)తో హెచ్చించినట్టు. వాయిదాలు పెరిగే కొద్దీ ఇది పెరుగుతుంది, కానీ అర్ధ రూపాయిని ఎన్నటికీ దాటదు. మొత్తం పెరగడానికీ ఆగడానికీ కారణం ఇక్కడే ఉంది.

ఆ తర్వాతి మెట్టు, వడ్డీ మీద వడ్డీ మీద వడ్డీ. మూడేసి వాయిదాలను ఎంచాలి. ఇలాగే లెక్కిస్తే అది 1/6 దాటదు. దాని తర్వాతిది 1/24 దాటదు. 1/6 పావు కంటే తక్కువ, 1/24 పావులో సగం కంటే తక్కువ. ఇలా రెండు రూపాయల పైన చేరేదంతా కలిపినా అర, పావు, అరపావు అంటూ సగాలు చేసుకుంటూ పోయిన మొత్తం కంటే తక్కువే. రొట్టెలో సగం తిని, మిగిలినదాంట్లో సగం తిని, అలా తింటూ పోయినా ఒక రొట్టె దాటదు కదా. కాబట్టి మన రూపాయి మూడు రూపాయలు కాదు.

వాయిదాలు పెరిగితే ఏ మెట్టూ తగ్గదు, పైగా కొత్త మెట్లు చేరతాయి. అంటే మొత్తం ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది, 3 మాత్రం దాటదు. అలాంటిది ఏదో ఒక సంఖ్య దగ్గరకు చేరి తీరాలి. (ఈ చివరి మాట వాస్తవ సంఖ్యల స్వభావం మీద ఆధారపడింది. దాని రుజువు డిగ్రీలో వస్తుంది. ఇంటర్ పిల్లలకు అంతవరకు నమ్మమని చెప్పడం న్యాయమే.) ఆ సంఖ్య 2.718 అని ఈ వాదన చెప్పదు. అది కావాలంటే 1 + 1 + 1/2 + 1/6 + 1/24 + 1/120 + 1/720 కూడండి, 2.718 వస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయి తప్పు ఎక్కడుందో చూడండి. 1/nను సున్నా చేసింది, పైన ఉన్న nను మాత్రం అలాగే ఉంచింది. వడ్డీ రేటు చిన్నదవుతున్న వేగంతోనే వాయిదాలూ పెరుగుతున్నాయి. అసలు మీద వడ్డీ ఒక రూపాయి ఎప్పటికీ పోదు, కాబట్టి మొత్తం 2 కంటే తగ్గే వీలే లేదు. ఎక్సెల్ చేసిందీ ఈ తప్పే. అది సుమారు పదిహేను, పదహారు అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. 1కి 10^16లో ఒక వంతు కలిపితే ఆ ముక్క రాలిపోయి ఒట్టి 1 మిగులుతుంది.

"అయితే 10^6 పెడతా" అని మళ్లీ కొట్టింది. 2.71828 వచ్చింది. పుస్తకంలో ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో 'వడ్డీ మీద వడ్డీ అర్ధ రూపాయి దాటదు' అని రాసుకుంది.