ఎత్తు, బార, బరువు

గత సంవత్సరం గణాంకశాస్త్ర ప్రయోగ తరగతిలో మేము నలుగురం కలసి ఒక చిన్న లెక్కను తలకెత్తుకున్నాము. మనిషి ఎత్తు, బార తెలిసినప్పుడు అతని బరువును ఎంతవరకు చెప్పగలమన్నది ప్రశ్న. రెండు చేతులు చాచి నిలిచినప్పుడు ఒక మధ్యవేలి కొసనుండి రెండవ మధ్యవేలి కొస వరకు గల దూరమే బార. ఈ ప్రశ్న ఊరకే పుట్టలేదు. మాలో ఒకనికి చిన్ననాటినుండి వెన్ను వంకర. ఊతకర్రలు లేనిదే నిలువలేడు. ప్రయోగశాలలోని తూకపు యంత్రమేమో నిలబడగలవారికే పనికివస్తుంది. "నా బరువేదో మీ లెక్కతోనే చెప్పండిరా, చూద్దాం" అన్నాడతడు.

తరగతిలో ఎనిమిదిమందిని కొలిచాము. ఎత్తులు సెంటీమీటర్లలో 150, 154, 156, 159, 161, 164, 166, 170. అదే వరుసలో బారలు 151, 153, 155, 160, 162, 163, 165, 171. బరువులు కిలోలలో 41, 45, 53, 56, 47, 60, 54, 60. ఎత్తుకూ బారకూ సగటు 160, బరువుకు 52. సగటులను తీసివేసి, ఎత్తు గుణకాన్ని p అనీ బార గుణకాన్ని q అనీ పిలిచి, కనిష్ఠ వర్గాల పద్ధతిని వర్తింపజేస్తే రెండు సమీకరణాలు వచ్చాయి.

```
306 p + 306 q = 263
306 p + 314 q = 255
```

మొదటిదాన్ని రెండవదానినుండి తీసివేస్తే 8q = −8, అనగా q = −1. అప్పుడు p = 1.86. దీని భావమేమి? ఒకే ఎత్తున్న ఇద్దరిలో చేతులు ఒక సెంటీమీటరు పొడవైనవాడు ఒక కిలో తక్కువ తూగుతాడన్నమాట! అంకెలలో తప్పులేదు, మూడుసార్లు సరిచూచాము. అయినా ఆ ఫలితాన్ని నమ్మడానికి మనసొప్పలేదు.

మిత్రుని ఎత్తు 148, బార 160. వెన్ను వంగినందున ఎత్తు తగ్గింది కాని బార తగ్గలేదు. మా సూత్రం అతనికిచ్చిన బరువు 29.7 కిలోలు. అతడు నవ్వాడు. మేము నవ్వలేకపోయాము.

లోపం ఎక్కడున్నదో ఆ 8 అనే అంకెలోనే ఉన్నది. మేము కొలిచిన ప్రతివానికీ ఎత్తుకూ బారకూ తేడా ఒక్క సెంటీమీటరే. ఆ ఎనిమిది తేడాల వర్గాల మొత్తమే 8. ఎత్తూ బారా కలసి బరువును ఎలా పెంచుతాయో చెప్పడానికి 306 అంత బలమైన ఆధారమున్నది. వాటిలో దేని వాటా ఎంతో విడదీయడానికి ఉన్నది ఆ 8 మాత్రమే. అందుచేత నాల్గవవానిని వదలి లెక్కిస్తే q విలువ −1.98 అయింది. అతనిని చేర్చి ఐదవవానిని వదిలితే −0.19 అయింది. ఒక్క మనిషి రాకపోకలతో ఇంతగా ఊగే జవాబును జవాబనలేము. బారలు ఎత్తులతో సరిగ్గా సమానమై ఉంటే ఆ 8 సున్నా అయ్యేది, జవాబులు అనంతంగా ఉండేవి. సమస్య సక్రమమైనది కావాలంటే జవాబు ఉండాలి, ఒక్కటే ఉండాలి, దత్తాంశం కొద్దిగా మారితే జవాబూ కొద్దిగానే మారాలి అని హాడమార్డ్ పెట్టిన నిబంధనలలో చివరిది మాకు ఆచరణలో దక్కలేదు.

మా అధ్యాపకులు ఇదంతా విని, 1970లో హోయర్ల్, కెన్నార్డ్ అనే ఇద్దరు ప్రచురించిన రిడ్జ్ పద్ధతిని చూడమన్నారు. అందులో తప్పుల వర్గాల మొత్తాన్ని మాత్రమే తగ్గించరు. గుణకాల వర్గాల మొత్తాన్ని λ అనే భారంతో హెచ్చించి దానికి కలిపి, ఆ మొత్తాన్ని తగ్గిస్తారు. గుణకం పెద్దదయ్యేకొద్దీ జరిమానా కట్టవలసివస్తుందన్నమాట. సమీకరణాలలో జరిగే మార్పు చాలా చిన్నది. 306కూ 314కూ వికర్ణంలో λ కలుస్తుంది, అంతే. సగటు బరువైన 52కు జరిమానా లేదు. ఎత్తును అంగుళాలలోనూ బారను సెంటీమీటర్లలోనూ కొలిచి ఉంటే జరిమానా అన్యాయమయ్యేది. మావి రెండూ ఒకే కొలమానంలో, దాదాపు ఒకే వ్యాప్తిలో ఉండడంచేత ఆ చిక్కు రాలేదు.

λ = 30 అయితే సమీకరణాలు ఇలా ఉంటాయి.

```
336 p + 306 q = 263
306 p + 344 q = 255
```

ఇప్పుడు p = 0.57, q = 0.24. రెండూ ధనాత్మకాలు. ముచ్చటగానే ఉన్నది కాని, 30 అని ఎవరు చెప్పారు? మనకు నచ్చిన జవాబు వచ్చేదాకా λ పెంచుకుంటూ పోవడం లెక్క కాదు, పైరవీ. పోనీ తప్పుల మొత్తాన్నే అడుగుదామా అంటే, λ సున్నా అయినప్పుడు అది 110, ముప్పయి అయినప్పుడు 123. ఏ సూత్రాన్ని ఏ మనుషులపై తయారుచేశామో వారినే సాక్షులుగా పిలిస్తే వారు ఎల్లప్పుడూ జరిమానా వద్దనే అంటారు.

కనుక క్రాస్ వాలిడేషన్ చేయవలసివచ్చింది. ఒకనిని పక్కన నిలిపి, మిగిలిన ఏడుగురి సగటులతో, ఏడుగురి సమీకరణాలతో గుణకాలు కట్టి, పక్కనున్నవాని బరువు చెప్పి, తప్పెంతో రాసుకోవాలి. ఇలా ఎనిమిదిమందికీ చేయాలి. ఐదు λ విలువలకు నలభై సార్లు లెక్క కట్టాము.

ఇక్కడ మేమొక పొరపాటు చేశామని ఒప్పుకోవాలి. మొదట మేము ప్రతివానినీ ఉదయమొకసారి, సాయంత్రమొకసారి కొలిచాము. సెంటీమీటరుకు, కిలోకు సవరిస్తే రెండుపూటల అంకెలూ ఒకటే అయ్యాయి. పదహారు వరుసలున్నాయని సంబరపడి, ఒక్కొక్క వరుసను వదులుతూ పోయాము. తప్పు సగటున 4.4 కిలోలని తేలింది. λ పెట్టినా అది 4.3 కంటె తగ్గలేదు. జరిమానావల్ల లాభమే లేదనుకున్నాము! పక్కన నిలిపినవాని సాయంకాలపు వరుస లోపలే కూర్చుని జవాబు అందిస్తున్నదని తరువాత తెలిసింది. మనిషిని వదిలితే అతని వరుసలన్నిటినీ వదలాలి.

ఎనిమిది వరుసలతో మళ్ళీ చేసినప్పుడు తప్పుల వర్గాల మొత్తం λ = 0 వద్ద 230, 10 వద్ద 197, 30 వద్ద 196, 100 వద్ద 204, 300 వద్ద 238. మొదట తగ్గి, పిదప పెరిగింది. 300 వద్ద జరిమానా మరీ బరువై, పొట్టివారి బరువును ఎక్కువగానూ పొడవైనవారి బరువును తక్కువగానూ చెప్పసాగింది. మేము 30ని ఎన్నుకున్నాము. తప్పు సగటున 5.4 నుండి 4.95 కిలోలకు తగ్గింది. గొప్ప తగ్గింపేమీ కాదు.

పైగా ఆ లోయ అడుగు చదునుగా ఉన్నది. 10 వద్ద గుణకాలు 0.82, 0.01, 100 వద్ద 0.41, 0.31. క్రాస్ వాలిడేషన్ ఈ రెంటి మధ్య గట్టిగా తీర్పు చెప్పలేదు. p, q కలిపిన మొత్తం మాత్రం 0.83 నుండి 0.72 లోపలే నిలిచింది. అంటే మాకు నిజంగా తెలిసింది ఆ మొత్తమే. వాటాలను కొంతవరకు జరిమానాయే పంచింది.

λ = 30తో మిత్రుని బరువు 45.2 కిలోలు వచ్చింది. ఒక సాయంత్రం అతనిని బియ్యం కొట్టుకు తీసుకుపోయి, కాటాపై కూర్చోబెట్టి తూచాము. 46 కిలోలు. కొట్టు యజమాని ముల్లును రెండుసార్లు చూచి, "పావు బస్తా బియ్యమంత కూడా తేడా లేదు" అని ఛలోక్తి విసిరాడు.

మేము కేరింతలు కొడుతుంటే మిత్రుడే ఆపాడు. λ 10 అయితే 42 అని, 100 అయితే 47 అని చెప్పేవాళ్ళం కదా అన్నాడు. మేము పరీక్షించినవారందరికీ ఎత్తుకూ బారకూ తేడా ఒక సెంటీమీటరైతే తనకు పన్నెండు. తనవంటివానిని ఒక్కనినైనా పక్కన నిలిపి చూడని పరీక్ష తనను గురించి ఏమి హామీ ఇస్తుందన్నాడు. మాకు బదులు తోచలేదు.

ఈ సంవత్సరం ఎత్తుకూ బారకూ తేడా ఎక్కువగా ఉన్నవారిని వెదకి కొలుస్తున్నాము. ఇప్పటికి ఐదుగురు దొరికారు. టేపు పట్టుకునేది అతడే.