కొన్న ధర, పడిన ధర

నిరుడు రంజాను పండుగ గడిచిన నెలలో మా మేనల్లుడు నా దగ్గరకు వచ్చి నలభై అయిదు వేల రూపాయలు అడిగాడు. అప్పుగా కాదు. పాత మోటారు సైకిలు కొని, బాగు చేయించి అమ్ముతానని, వచ్చిన లాభంలో సగం నాకు, సగం తనకు అని చెప్పాడు. డబ్బు నాది, శ్రమ వాడిది. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నాటి నుంచి నా చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ములో నుంచి తీసి ఇచ్చాను. మా చెల్లెలు భర్తను పోగొట్టుకొన్నది. కుర్రవాడు ఒక దారిలో పడితే ఆమెకు ఆసరా అవుతుందన్నది నా ఆలోచన.

విజయవాడలో బ్రోకరు ద్వారా నూరు సీసీ బండి ఒకటి 31,000కు దొరికింది. బ్రోకరుకు మా వంతు వెయ్యి. బండిని మా పేరుకు మార్పించడానికి రుసుము, ఏజెంటు ఖర్చు అన్నీ కలిసి 1,600 అయినాయి. ఈ వ్యాపారంలో చాలామంది ఆ ఖర్చు తప్పించుకోవడానికి పాత యజమాని చేత 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టించుకొని, తేదీ వేయకుండా దాచి, తరువాత కొనేవాడి పేరును నేరుగా ఎక్కిస్తారు. మధ్యలో ఏదైనా ప్రమాదం జరిగితే ఆ బండి ఎవరిదో తెలియని చిక్కు వస్తుంది. మా వాడికి నేను ఆ దారి ఒప్పుకోలేదు.

బండి స్టార్టు చేయగానే, ఆక్సిలరేటరు తిప్పినప్పుడల్లా వెనుక గొట్టం నుంచి నీలి పొగ వచ్చేది. ఆటోనగర్‌లోని మెకానిక్కు చూసి, పిస్టన్ రింగులు అరిగి ఆయిలు లోపల మండుతోందని చెప్పాడు. బోరు చేయించి, కొత్త పిస్టను, రింగులు వేయించి, కూలితో సహా 3,150 ఇచ్చాము. చైను, పళ్ళ చక్రాలు కలిపి 1,300. వెనుక టైరు, ట్యూబు 1,700. బోరు చేసిన ఇంజనును మొదటి అయిదు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ఆ తరువాత ఆయిలు మార్చాలి. దానికి 450.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. అయిదు వందల కిలోమీటర్లు అయిన తరువాత కూడా మా వాడు బండిని నడుపుతూనే ఉన్నాడు. స్నేహితుల ఇళ్ళకు, పెళ్ళిళ్ళకు, ఒకసారి గుంటూరుకు కూడా. రెండు నెలల్లో మీటరు మీద రెండు వేల వంద కిలోమీటర్లు తిరిగింది. ఇందులో ఒక వానరోజు జారి పడ్డాడు. దేవుని దయ వల్ల దెబ్బలు తగలలేదు. హెడ్‌లైటు అద్దం, ఒక ఇండికేటరు, వంగిన లెగ్‌గార్డు బాగు చేయించడానికి 1,350 అయింది. మళ్ళీ ఒకసారి ఆయిలుకు 450. ఇవన్నీ వాడు నోటు పుస్తకంలో ఒకే వరుసలో రాసుకొన్నాడు. రిపేర్ల కింద మొత్తం 8,400. కొన్న ధర, బ్రోకరు, పేరు మార్పిడి కలుపుకొంటే సరిగ్గా 42,000.

కొనడానికి వచ్చిన ఆయన ఊరూరా తిరిగి బట్టలు అమ్ముకొనే మనిషి. మా మసీదుకు వచ్చే నమాజీయే. బేరం ఆడడం ఆయనకు ఇష్టం లేదు. "మీరు మాస్టారు గారి పిల్లలు. మీకెంతకు వచ్చిందో చెప్పండి, దాని మీద మూడు వేలు వేసుకోండి, ఇచ్చేస్తాను" అన్నాడు. మా వాడు వెంటనే "నలభై రెండుకు కొన్నాం భాయ్" అన్నాడు. ఆయన 45,000 ఇచ్చి బండి తీసుకొన్నాడు. ఆయనను తీసుకువచ్చిన బ్రోకరుకు మేము 1,500 ఇచ్చాము.

ఆ రాత్రి మా వాడు మిఠాయి తెచ్చి, "మామూ, మూడు వేలు లాభం" అన్నాడు. అమ్మినప్పుడు ఇచ్చిన బ్రోకరు సొమ్మును మరచిపోయాడు. అది తీసేస్తే మిగిలేది పదిహేను వందలే. అది చిన్న పొరపాటే. నన్ను నిద్రపోనివ్వనిది ఆ "కొన్నాం" అన్న మాట. మేము కొన్నది ముప్పై ఒక్క వేలకు కదా.

మర్నాడు ఫజ్ర్ తరువాత ఇమాము గారిని అడిగాను. అమ్మేవాడు తనకు పడిన ధర చెప్పి, దాని మీద ఇంత లాభమని ఒప్పుకొని అమ్మడాన్ని ధర్మశాస్త్రంలో మురాబహా అంటారనీ, మామూలు బేరంలో కొన్న ధర చెప్పవలసిన పని లేకపోయినా ఈ పద్ధతిలో మాత్రం కొనేవాడు మన మాట మీదే ఆధారపడతాడు కాబట్టి చాలా నిక్కచ్చిగా ఉండాలనీ ఆయన వివరించారు. పన్నెండవ శతాబ్దపు పండితుడు మర్గీనానీ రచించిన హనఫీ గ్రంథం హిదాయాలో దీనికి ఒక అధ్యాయమే ఉన్నదట. గుడ్డకు రంగు వేయించిన కూలి, సరుకు మోయించిన కూలి అసలు ధరలో కలపవచ్చు. కాని అలా కలిపినప్పుడు "ఇంతకు కొన్నాను" అనరాదు, "నాకు ఇంత పడింది" అనాలి. లేకపోతే అబద్ధమవుతుంది. వర్తకుల వాడుకలో కలిపేవి, సరుకునో దాని విలువనో పెంచేవి మాత్రమే కలపాలి. మందను కాసిన కాపరి జీతం లాంటివి కలపకూడదు.

నేను ఇంటికి వచ్చి వాడి నోటు పుస్తకం ముందు పెట్టుకొన్నాను. కొన్న బ్రోకరు సొమ్ము, పేరు మార్పిడి ఈ వ్యాపారంలో అందరూ కలుపుకొనేవే. ఇంజను, చైను, టైరు బండి విలువను పెంచినవే. ఆయిలు రెండుసార్లు పోసింది నేను కొట్టివేయబోతే మా వాడు అడ్డుపడ్డాడు. మొదటిది బోరు పనిలో భాగమే కాని షికారు ఖర్చు కాదన్నాడు. నిజమే, ఒప్పుకొన్నాను. రెండవసారి పోసిన 450, పడినప్పుడు అయిన 1,350 మాత్రం నిలవలేదు. పగిలిన అద్దం మార్చితే బండి మునుపు ఉన్న స్థితికి వస్తుందే తప్ప ఒక్క రూపాయి విలువ పెరగదు. పైగా అది పగిలింది మా చేతుల్లో. అమ్మినప్పటి బ్రోకరు సొమ్ము కూడా ధరలో చేరదు, అది మా లాభంలో నుంచి పోవలసిందే. అంటే మాకు న్యాయంగా పడింది 40,200. మూడు వేల లాభంతో ధర 43,200. మేము ఆయన దగ్గర పద్దెనిమిది వందలు ఎక్కువ తీసుకొన్నాము.

"మామూ, నలభై అయిదుకు ఆ బండి చవకే. బజారులో నలభై ఏడు అడుగుతున్నారు" అన్నాడు మా వాడు. అది కూడా నిజమే. ఆయన "నలభై అయిదుకు ఇస్తారా?" అని అడిగి ఉంటే, ఇచ్చి ఉంటే, ఎవరికీ ఏ లెక్కా చెప్పవలసిన పని లేదు. ఆయన అడిగింది అది కాదు.

ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళాము. నేను పుస్తకం తెరిచి అంకెలన్నీ చదివాను. ఇష్టం లేకపోతే బండి వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చని కూడా చెప్పాను. పద్దెనిమిది వందల సంగతి ఆయన సరిగా విననేలేదు. "పడిందా? ఎప్పుడు పడింది? ముందు వైపా?" అని అడిగాడు. ఎనభై కిలోల బట్టల మూట వెనుక కట్టుకొని రోడ్డు మీద తిరిగే మనిషికి ఆ ప్రశ్నే ముఖ్యం. మేము అద్దం బాగు చేయించామే కాని, హ్యాండిలు కింద ఏమైనదో చూపించలేదు.

అక్కడి నుంచి ముగ్గురమూ మెకానిక్కు దగ్గరకు వెళ్ళాము. అతను బండిని సెంటరు స్టాండు మీద నిలిపి, ముందు చక్రం నేలకు తగలకుండా ఎత్తించి, హ్యాండిలును రెండు వేళ్ళతో మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి ఏదో గాడిలో పడినట్టు ఆగుతోంది. ఫోర్కు గొట్టాలు వంగలేదు గాని కోన్‌సెట్ దెబ్బతిన్నదన్నాడు. హ్యాండిలు తిరిగేచోట పైనా కిందా ఉండే గుండ్ల గిన్నెలవి. ముందు నుంచి దెబ్బ తగిలితే గుండ్లు గిన్నెలలో గుంటలు చేస్తాయి. అప్పుడు బండి నెమ్మదిగా పోతున్నప్పుడు తిన్నగా నిలవక తూలుతుంది. ఆ వారం రోజులూ ఆయన తన మూట సరిగా కట్టలేదేమోనని అనుకొంటున్నాడట. కొత్తది వేయడానికి 900 అయింది, మేమే ఇచ్చాము.

ఆయన బండిని ఉంచుకొన్నాడు. పద్దెనిమిది వందలు మొదట వద్దన్నాడు. అది మేము ఇచ్చే బహుమానం కాదు, ఆయన సొమ్మే అని చెప్పిన తరువాత తీసుకొన్నాడు. మా వాడు షికారు తిరిగినప్పుడు అరిగిన టైరుకు ఎంత కట్టాలో మాలో ఎవరికీ తేలలేదు. ఆయనే నవ్వి వదిలివేశాడు.

ఇక మా ఇద్దరి మధ్య లెక్క మిగిలింది. చేతికి వచ్చిన 45,000లో నుంచి పెట్టిన ఖర్చు 42,000, బ్రోకరు 1,500, తిరిగి ఇచ్చిన 1,800, కోన్‌సెట్ 900 తీసివేస్తే 1,200 నష్టం. ఒకరి డబ్బు, ఒకరి శ్రమ పెట్టి చేసే వ్యాపారంలో నష్టం వస్తే అది డబ్బు పెట్టినవాడిదే. పనిచేసినవాడికి శ్రమ పోతుంది, అంతే. ఆ నియమం ప్రకారం నేనే భరించాలని మొదట అనుకొన్నాను. కాని పనిచేసేవాడు వ్యాపారం సొమ్మును అనుమతి లేకుండా సొంతానికి వాడుకొంటే ఆ నియమం వర్తించదని ఇమాము గారు చెప్పారు. షికారు ఆయిలు, పడినప్పటి ఖర్చు, కోన్‌సెట్ కలిసి 2,700. అది వాడి సొంతం. దానిని పక్కకు తీస్తే వ్యాపారంలో నిజంగా మిగిలింది 1,500 లాభం. చెరి 750. వాడి వాటా పోను వాడే నాకు 1,950 బాకీ.

మా చెల్లెలు ఆ రోజు నాతో మాట్లాడలేదు. "పిల్లవాడు రెండు నెలలు ఎండలో తిరిగితే, చివరకు వాడే బాకీ పడ్డాడా అన్నయ్యా?" అని మర్నాడు అన్నది. నేను జవాబు చెప్పకముందే వాడు లోపలి నుంచి నోటు పుస్తకం తెచ్చి తల్లి ముందు పెట్టి, ఒక్కొక్క పంక్తీ చదివి వినిపించాడు. గుంటూరు ప్రయాణం దగ్గరకు వచ్చేసరికి కొంచెం తడబడ్డాడు.

బాకీలో ఇప్పటికి వెయ్యి తీర్చాడు. పోయిన నెల ఇంకొక బండి కొన్నాడు. ఆ డబ్బూ నాదే. ఈసారి పుస్తకంలో రెండు వరుసలు గీశాడు. బండి మా వాకిట్లో పట్టా కప్పి ఉన్నది. వాడు బజారుకు మా పాత సైకిలు మీద వెళుతున్నాడు.