చెవి ముందు పెట్టుకునే హెడ్‌సెట్ పీలగా పలుకుతోందా? పారేసే ముందు ఇవి చూడండి



ఈ మధ్య మన పొలాల్లో కొత్త రకం హెడ్‌సెట్లు కనపడుతున్నాయి. చెవిలో దూర్చుకునేవి కాదు, చెవి ముందు ఎముక మీద ఆనించుకునేవి. బోన్ కండక్షన్ అంటారు. చెవి తెరిచే ఉంటుంది కాబట్టి పాట వింటున్నా వెనక నుంచి వచ్చే ట్రాక్టరు వినపడుతుంది, గట్టు మీద నుంచి ఎవరైనా కేకేస్తే వినపడుతుంది, రాత్రి కరెంటుకి నీళ్లు కట్టడానికి పోయినప్పుడు గడ్డిలో సరసరమన్నా తెలుస్తుంది. అందుకే డబ్బులు ఎక్కువైనా కొంటున్నాం.

మా బామ్మర్దిది మిరప తోట. వాడు ఈ సెట్ ఎనిమిది నెలలుగా వాడుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "బావా, ఇది పోయింది. రేకు డబ్బాలో మాట్లాడినట్టు పీలగా వస్తోంది, మధ్యమధ్యలో తుమ్మెద లాగా జుయ్యిమంటోంది. పాత ఇయర్‌బడ్సే పెట్టుకుంటున్నా" అన్నాడు. ఆ చివరి మాట నాకు నచ్చలేదు. రాత్రిపూట బోరు దగ్గరికి ఒక్కడే పోతాడు వాడు, రెండు చెవులూ బిగించుకుని. తీసుకురా చూద్దాం అన్నాను. పశువుల పాక దగ్గర కూర్చుని ఒక పూటంతా దాన్నే చూశాం. మీలో ఎవరికైనా అదే ఇబ్బంది ఉంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. దీనికి ఏ సామానూ అక్కర్లేదు. సెట్ పెట్టుకుని మామూలు సౌండులో ఒక పాట పెట్టండి. ఇప్పుడు రెండు చూపుడు వేళ్లతో రెండు చెవుల రంధ్రాలూ మూయండి. పాట ఒక్కసారిగా నిండుగా, డప్పు దెబ్బతో సహా వినపడితే మీది అసలైన బోన్ కండక్షన్ సెట్టే, లోపలి యంత్రం కూడా పనిచేస్తోంది. అలా కాకుండా పాట తగ్గిపోతే మీది ఎముక ద్వారా పనిచేసేది కాదు. చెవి పక్కన చిన్న స్పీకరు పెట్టి, ఆకారం మాత్రం అలాగే చేసిన సరుకు. తక్కువ ధరలో ఆ పేరుతో ఇవి కూడా అమ్ముతున్నారు. అలాంటి దానికి స్పీకరు జాలీలో చెమట, దుమ్ము పేరుకుంటేనే సౌండు పీలగా అవుతుంది. జాలీని కిందకి తిప్పి మెత్తటి పొడి బ్రష్షుతో దులపడమే దానికి వైద్యం.

వేళ్లు పెడితే ఎందుకు నిండుగా వస్తుందంటే, ఈ సెట్ గాలిని కాదు, ఎముకను కదిలిస్తుంది. ఆ కదలిక లోపలి చెవికి చేరుతుంది. లావు శబ్దాలు కొన్ని చెవి రంధ్రం గోడల్లో పుట్టి తెరిచి ఉన్న రంధ్రంలోంచి బయటికి పోతాయి. మూస్తే లోపలే నిలబడతాయి. కాబట్టి ఈ సెట్‌లో డప్పు, మృదంగం మామూలు ఇయర్‌ఫోన్ అంత గట్టిగా ఎప్పుడూ రావు. అది దాని తీరు, చెడిపోవడం కాదు. నిన్నటిదాకా బాగుండి ఇవాళ పీలగా అయిందా అన్నదే చూడాల్సింది.

మా వాడికి వేళ్లు పెడితే కుడి వైపు నిండుగా వచ్చింది, ఎడమ వైపు అంతగా రాలేదు. సరేనని ఎడమ మెత్తని వేలితో ఎముకకేసి కొంచెం నొక్కాను. "ఆఁ, వచ్చింది బావా!" అన్నాడు. అంటే లోపల ఏమీ పోలేదు, అది చర్మానికి సరిగా ఆనడం లేదు. ఈ సెట్లలో సగం గొడవ ఇదే. లావు శబ్దం ఎముకలోకి దిగాలంటే మెత్త గట్టిగా ఆనాలి. కొంచెం ఎడం వచ్చినా సన్నటి శబ్దం మాత్రమే మిగులుతుంది. సగం ఆని సగం ఆనకపోతే అంచు చర్మానికి టపటపా తగిలి జుయ్యిమంటుంది.

ఎందుకు ఆనడం లేదో చూస్తే కారణం వాడి తలపాగా. ముందు తువ్వాలు చుట్టుకుని, దాని మీద సెట్ పెడుతున్నాడు. చెవి పైన ఎక్కాల్సిన కొక్కెం గుడ్డ మీద ఎక్కింది, మెత్త లేచింది. ముందు సెట్ పెట్టుకుని తర్వాత తువ్వాలు చుట్టుకోవాలి. మెడ వెనక వంపు కూడా చూసుకోండి. మెడ చుట్టూ కండువా మందంగా వేసుకున్నా, కాలరు లేచి ఉన్నా ఆ వంపును ముందుకి నెడుతుంది, మెత్తలు జారతాయి. కళ్లజోడు ఉన్నవాళ్లకి కాడ, మెత్త ఒకదానికొకటి తగిలి వచ్చే చప్పుడు అచ్చం సెట్ చెడిపోయినట్టే ఉంటుంది. జోడు తీసి ఒకసారి విని చూస్తే తేలిపోతుంది.

మెత్త ఎక్కడ ఉండాలో కూడా చాలామందికి తెలీదు. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేది దవడ కీలు. దాని మీద పెడితే తమలపాకు నమిలినప్పుడల్లా సౌండు మారుతుంది. దానికి కాస్త పైన, ముందుకి, కదలని ఎముక తగులుతుంది. అక్కడ ఆనాలి. జుట్టు, గడ్డం మధ్యలో రాకూడదు. వదులుగా ఉందని మెడ వెనక తీగను చేత్తో వంచకండి. లోపల వైరు తెగిందంటే అది మన చేతుల్లో అయ్యే పని కాదు. కొన్ని కంపెనీలు చిన్న తలలకి చిన్న సైజు విడిగా అమ్ముతాయి, కొనేటప్పుడే పెట్టుకుని చూసుకోవాలి.

ఆనడం సరిచేశాక పీలతనం చాలావరకు పోయింది. జుయ్యిమనడం మాత్రం కుడి వైపు ఇంకా ఉంది. ఫోన్ టార్చి వేసి చూస్తే మెత్తకీ ప్లాస్టిక్‌కీ మధ్య సందులో తెల్లగా, గట్టిగా పొక్కు కట్టి ఉంది. చెమట ఉప్పు, తల నూనె, తోట దుమ్ము కలిసి ఎండకి అట్ట కట్టిన సరుకు. మెత్త కంపించినప్పుడల్లా అది పక్కనే గీసుకుంటుంది. పైగా మెత్త మీద నూనె పొర పట్టి జారుతుంది, మళ్లీ ఆనదు.

దీనికి మంచినీళ్లే చాలు. సెట్ ఆపేసి, మెత్తటి బట్ట తడిపి గట్టిగా పిండి, మెత్త మీద ఒక నిమిషం ఆనించి ఉంచండి. ఉప్పు కదా, నానుతుంది. తర్వాత తుడిచి, సందులో తడి దూది పుల్లతో ఒక చుట్టు తిప్పి, పొడి బట్టతో తుడవండి. పెట్రోలు, థిన్నరు దగ్గరికి రానీయొద్దు, మెత్త రబ్బరు పాడవుతుంది. గుండుసూదితో గోకొద్దు. మైకు కోసం సన్నటి రంధ్రం ఉంటుంది, సూది అందులో దిగితే అవతలి వాళ్లకి మన మాట వినపడదు. ఇంకో మాట, మందు కొట్టేటప్పుడు ఇది పెట్టుకోకపోవడమే మంచిది. మందు తుంపర మెత్త మీద పడితే గంటల తరబడి చర్మానికి ఆనే ఉంటుంది.

తుడిచాక కుడి వైపు కూడా బాగైంది. సౌండు పూర్తిగా పెంచితే మాత్రం చెంప మీద చక్కిలిగింత పెట్టినట్టు కదలిక ఉంది. అది రెండు వైపులా సమానంగా ఉంటే, డప్పు పడ్డప్పుడే వస్తే, దాని స్వభావమే. తైవాన్ స్ప్రేయర్ పక్కనో ట్రాక్టరు మీదో వినపడటం లేదని ఫుల్లు పెంచితే ఏ సెట్ అయినా జుయ్యిమనే తీరుతుంది. ఎముక ద్వారా వస్తుంది కాబట్టి చెవికి దెబ్బ ఉండదని కొందరు అంటున్నారు, అది నమ్మకండి. ఎటు నుంచి వెళ్లినా చేరేది ఆ లోపలి చెవికే.

ఫోన్ మాట్లాడేటప్పుడు మాత్రమే పీలగా వస్తే అసలు కంగారు పడొద్దు. మైకు ఆన్ అయినప్పుడు బ్లూటూత్ పాట పంపే పద్ధతి మానేసి మాట పంపే పద్ధతికి మారుతుంది. కాల్ పెట్టేశాక మళ్లీ నిండుగా రావాలి. రాకపోతే సెట్ ఆపి మళ్లీ కలపండి. కొన్ని మోడళ్లలో బటన్లు నొక్కి పట్టుకుంటే మాటకి ఒక రకం, పాటకి ఒక రకం సౌండు మారుతుంది. జేబులో నొక్కుకుపోయి మారి ఉండొచ్చు. దాని కాగితంలో ఉంటుంది చూడండి.

ఇక చార్జింగ్ పోర్టు. మా వాడు దీని గురించి అడగనేలేదు. "చార్జింగ్ ఎంతసేపు నిలుస్తోంది?" అంటే, "మొదట్లో రోజంతా వచ్చేది, ఇప్పుడు రెండు గంటలకే అమ్మాయి గొంతుతో ఏదో చెప్పి ఆగిపోతోంది" అన్నాడు. రబ్బరు మూత తీసి చూస్తే లోపల పీచు, దాని కింద ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. పొలం నుంచి రాగానే చెమటతోనే చార్జింగ్ పెట్టేస్తాడట. ఉప్పునీళ్లు ఉన్నచోట కరెంటు పారితే పిన్ను తినేస్తుంది. స్టార్టరు డబ్బాలో చెమ్మ చేరితే కాంటాక్టులు ఏమవుతాయో మనకి తెలిసిందే, ఇదీ అంతే. పిన్ను సరిగా తగలక చార్జింగ్ సగమే ఎక్కుతోంది.

సెట్ ఆపి, చెక్క పళ్లపుల్లతో పీచు నెమ్మదిగా తీశాం. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూది పుల్లకి కొంచెమే అద్ది, పిండి, పిన్నుల మీద మాత్రమే తుడిచాం. చిలుము చాలావరకు పోయింది. మూత తెరిచి ఒక రాత్రంతా ఫ్యాను కింద పెట్టి, పొద్దున చార్జింగ్ పెట్టాం. ఎండలో, ట్రాక్టరు బానెట్ మీద ఆరబెట్టకండి, బ్యాటరీ వేడిని తట్టుకోదు. బియ్యంలో పెట్టడం కూడా వద్దు, తవుడు పోర్టులోకి పోతుంది. డబ్బా మీద ఐపీ 67 అని ఉన్నా సరే, తడితో చార్జింగ్ పెట్టొద్దు. ఆ నంబరు మంచినీళ్లలో కాసేపు మునిగితే తట్టుకుంటుందని చెప్పేది, ఉప్పు చెమటతో కరెంటు ఎక్కించుకోవచ్చని కాదు. ఐపీ 55 అయితే నీళ్ల జల్లు వరకే తట్టుకుంటుంది, నీళ్లలో ముంచనే ముంచొద్దు.

ఇవన్నీ చేశాక కూడా, చార్జింగ్ నిండుగా ఉండి, మెత్తను వేలితో నొక్కి పట్టుకుని, సౌండు సగంలో పెట్టినా ఒక్క వైపే జుయ్యిమంటుంటే అప్పుడు లోపలే పోయినట్టు. వేరే ఫోన్‌తో కలిపి ఒకసారి విని చూడండి, ఫోన్ తప్పు కావచ్చు. అక్కడా అలాగే ఉంటే విప్పకుండా బిల్లు పట్టుకుని వారంటీకి పంపండి. విప్పితే నీళ్లు రాకుండా వేసిన సీలు పోతుంది, వారంటీ కూడా పోతుంది.

మా వాడి సెట్ ఇప్పుడు మధ్యాహ్నం దాటేదాకా నిలుస్తోంది. మొదట్లో లాగా రోజంతా రావడం లేదు, ఆ పిన్ను కొంత తినేసినట్టుంది. వారంటీ ఇంకా నాలుగు నెలలు ఉంది కాబట్టి బిల్లు వెతుకుతున్నాడు. ఈలోగా సాయంత్రం ఒక గంట ఆరబెట్టి, మళ్లీ చార్జింగ్ ఎక్కించి, రాత్రి బోరు దగ్గరికి దాన్నే పెట్టుకుని పోతున్నాడు. ఇయర్‌బడ్స్ వాళ్ల పిల్లాడికి ఇచ్చేశాడు.