అత్తయ్య గారి మందుల డబ్బా

ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు నర్సు ఒక ఫారం నింపుతుంది చూడండి, "ఇంట్లో ఏం మందులు వాడుతున్నారు?" అంటూ. చాలామందిమి "బీపీకొకటి, షుగరుకొకటి" అని చెప్పేసి ఊరుకుంటాం. మా అత్తయ్య గారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు, ఆపరేషనుకి మత్తు ఎలా ఇవ్వాలో తేల్చింది ఆ ఫారమే.

అందులో ఒక్కో మందుకి ఒక్కో వరుస ఉంటుంది. పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్నిసార్లు, ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు, ఇక్కడ కొనసాగించాలా ఆపాలా అని. చివర్లో తేడాలు రాసే గడి.

అత్తయ్య గారు బీపీ మాత్ర, షుగరు మాత్ర, రాత్రిపూట "కొలెస్ట్రాల్ గొట్టం" అని మూడు చెప్పారు. ఫైల్లో ఉన్న పాత చీటీలోనూ కొలెస్ట్రాల్‌కి రోసువాస్టాటిన్ 10 అనే ఉంది. నర్సు మాత్రం "చీటీ కాదమ్మా, వేసుకునే స్ట్రిప్పులే కావాలి" అంది. మా ఆయన ఇంటికెళ్లి డబ్బా మొత్తం పట్టుకొచ్చారు. ఆ గొట్టాల స్ట్రిప్పు వెనక సన్నటి అక్షరాల్లో మూడు పేర్లున్నాయి: రోసువాస్టాటిన్ 10, ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75. మధ్యలో గుండె డాక్టరు మార్చిన మందట. నర్సు ఆ తేడా గడిలో రాసి, "ఆఖరిది ఎప్పుడు వేసుకున్నారు?" అనడిగింది. "నిన్న రాత్రి తొమ్మిదింటికి" అన్నారు అత్తయ్య గారు.

చివరి రెండు మందులూ రక్తం గడ్డకట్టకుండా చేసేవే. మత్తు డాక్టరు వచ్చి విడమరిచి చెప్పారు. తుంటి ఆపరేషనుకి చాలాసార్లు నడుము దగ్గర వెన్నులో సూదిమందు ఇస్తారు. క్లోపిడోగ్రెల్ పనిచేస్తుండగా అక్కడ రక్తం కారితే, గడ్డ నరాల్ని నొక్కి కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే ఆ మందు ఆపాక 5 నుంచి 7 రోజులు ఆగుతారు. కానీ ఈ వయసులో విరిగిన తుంటితో అన్నాళ్లు మంచాన ఉంటే నిమ్ము చేస్తుంది, ఒళ్లు పుండ్లు పడుతుంది. చివరికి గుండె డాక్టరుతో మాట్లాడి, రక్తం సిద్ధంగా పెట్టుకుని, మర్నాడే పూర్తి మత్తులో ఆపరేషన్ చేశారు.

ఇంటికి పంపే రోజున మళ్లీ అదే ఫారం తీశారు. కొత్త చీటీలో ఆస్పిరిన్ 75 విడిగా ఉంది, పాత గొట్టంలోనూ ఉందాయె. "రెండూ వెయ్యాలా డాక్టర్ గారూ?" అనడిగాను. ఆయన స్ట్రిప్పు తిప్పి చూసి, విడిగా రాసినది కొట్టేసి పక్కన సంతకం పెట్టారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల స్ట్రిప్పులు కూడా ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. ఒక్క గొట్టంలో ఎన్ని మందులున్నాయో అక్కడే తెలుస్తుంది.